నడక మొదలుపెట్టగానే పల్స్ ఎందుకు అంత పెరుగుతుంది?

నమస్కారం అండి. కర్నూలు ఔట్‌డోర్ స్టేడియంలో ఉన్నాం, టైం ఉదయం ఆరు. ఈయన మా బావ. వయసు 42, బరువు 104 కేజీలు. డాక్టరుకు చూపించుకునే వచ్చారు. బూట్లు, నీళ్లు రెడీ. బావా, మీ మామూలు నడకే నడవండి, చాలు.

సరే, ఆరు నిమిషాలు అయింది. పల్స్ చూడండి, 140! పరుగు కాదు, నడకే. 220లోంచి వయసు తీసేస్తే 178, అంటే ఈ వయసులో గుండె నిమిషానికి సుమారుగా గరిష్ఠంగా కొట్టుకోగల అంకె. అందులో 140 అంటే దాదాపు 79 శాతం. చార్టులో ఇది గట్టి వ్యాయామం కిందకే వస్తుంది. ఈ అంకె చూసే చాలామంది టెన్షన్ పడి మానేస్తారు.

ఎందుకంత? ప్రతి అడుగుకీ 104 కేజీలు మొయ్యాలి, కండరాలు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి. అలవాటు లేని గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తక్కువ. చిన్న చెంబుతో డ్రమ్ము నింపాలంటే ఎక్కువసార్లు ముంచాలి కదా, అంతే. దీనికి మన ఎండ తోడైతే ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మానికి కూడా వెళ్లాలి. అదే నడకకు తొమ్మిదింటికి పల్స్ ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు పల్స్ లెక్క. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నడక ఆపిన వెంటనే, వెంటనే అంటే వెంటనే, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టండి. ఇదిగో, ఇలా. బొటనవేలితో పట్టుకోవద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది. 15 సెకన్లు లెక్కపెట్టండి. 35 వచ్చాయా? నాలుగుతో గుణిస్తే 140. నిమిషమంతా లెక్కపెడితే ఆలోపే పల్స్ దిగిపోతుంది, అంకె తక్కువొస్తుంది. వాచీలు ఒక్కోసారి అడుగుల లయనే పల్స్ అనుకుంటాయి. అందుకే నాకు వేళ్లే ఇష్టం.

220 లెక్క కూడా మనిషిని బట్టి పది, పన్నెండు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి మాట కూడా చూడండి. బావా, నిన్న రాత్రి ఏం తిన్నారు? చూశారా, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నారు. అంటే వేగం తగ్గించాలి. వాక్యం పూర్తిగా చెప్పగలిగితే ఆ వేగం సరిపోతుంది.

ఇక ప్లాన్. రెండు నిమిషాలు మామూలుగా, ఒక నిమిషం నెమ్మదిగా, ఇలా ఐదుసార్లు. పదిహేను నిమిషాలు. వారానికి రెండు, మూడు నిమిషాలు పెంచండి, వేగం మాత్రం పెంచొద్దు.

ప్రతి ఆదివారం ఇదే టైంకి, ఇదే ట్రాక్‌లో, ఇదే వేగంతో ఆరు నిమిషాలు నడిచి పల్స్ రాసుకోండి. కొన్ని వారాలకు 140 కాస్తా 132 అయితే, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతోందన్నమాట. తూకం కదలకపోయినా ఇది కదులుతుంది. అప్పుడు ఆ నెమ్మది నిమిషాలు ఒక్కొక్కటే తీసేయండి.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకు ఈ అంకెలు పనికిరావు, ఆ మందులు పల్స్‌ను తగ్గిస్తాయి. మీరు మాట పరీక్షే చూసుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.