క్యూబిక్ మీటర్‌కు ఎన్ని ఇటుకలు? ముందు టేపు తీయండి

(హైదరాబాద్ ఎఫ్ఎం ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. స్టూడియోలో ఒక సీనియర్ సైట్ ఇంజినీర్.)

యాంకర్: మొదటి కాల్ ఘట్‌కేసర్ నుంచి. చెప్పండమ్మా, ఇల్లు ఎక్కడిదాకా వచ్చింది?

శ్రోత: నమస్తే సార్. పిల్లర్లు, స్లాబ్ అయిపోయాయి. ఇప్పుడు గోడలు మొదలుపెట్టాలి. మేస్త్రి క్యూబిక్ మీటర్‌కు 500 ఇటుకలు పడతాయి, ఎర్ర ఇటుకైనా ఫ్లై యాష్ ఇటుకైనా అంతే అంటున్నాడు. ఫ్లై యాష్ అమ్మే ఆయనేమో 450 చాలంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇంజినీర్: నమస్తే అమ్మా. ఇద్దరూ ఇటుక సైజు చెప్పకుండా లెక్క చెబుతున్నారు. సైజు లేకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. ఎర్రదైనా బూడిదదైనా ఒకే కొలత ఉండి, మధ్యలో మాల్ ఒకే మందం పెడితే ఇటుకలు కూడా అన్నే పడతాయి. మీ దగ్గర రెండు రకాల శాంపిల్ ఉందా?

శ్రోత: ఉంది సార్. రెండూ 9 ఇంచులు, 4 ఇంచులు, 3 ఇంచులే అని చెప్పారు.

ఇంజినీర్: చెప్పడం అలాగే చెబుతారు. మీరు కొలిచారా?

శ్రోత: కొలిచాను. ఫ్లై యాష్ 230, 100, 75 మిల్లీమీటర్లు వచ్చింది. ఎర్ర ఇటుక ఒక్కోటి ఒక్కోలా ఉంది సార్, ఏది రాసుకోవాలో తెలియలేదు.

ఇంజినీర్: అందుకే ఎర్ర ఇటుకను ఒక్కదాన్ని కొలిచి వదిలేయకూడదు. 20 ఇటుకలు తీసుకోండి. అంటుకున్న మట్టి, బుడిపెలు గీకేసి, చదునైన నేల మీద పొడవు వైపు ఒకదాని వెనక ఒకటి తాకేలా పేర్చి, మొత్తం కొలిచి 20తో భాగించండి. అలాగే వెడల్పుకు ఒకసారి, ఎత్తుకు ఒకసారి. ఎర్ర ఇటుకల ఐఎస్ 1077 ప్రమాణంలో కూడా 20 ఇటుకలు పేర్చే కొలుస్తారు.

శ్రోత: అలా కూడా చేశాను సార్, మా అబ్బాయి యూట్యూబ్‌లో చూసి చెప్పాడు. సగటు పొడవు 215, వెడల్పు 100, ఎత్తు 65 వచ్చింది.

ఇంజినీర్: మరి ముందే చెప్పాల్సింది కదమ్మా, మీ పని సగం అయిపోయింది. అమ్మినాయన 9 ఇంచులన్నది ఎనిమిదిన్నర దాటలేదు. మట్టి ఇటుక ఆరేటప్పుడు, కాల్చేటప్పుడు కుంచించుకుపోతుంది. బట్టీలో మంటకు దగ్గరున్నది ఎక్కువ, దూరంగా ఉన్నది తక్కువ. కాబట్టి ఒకే అచ్చులో పోసినవి కూడా ఒకేలా రావు. ఫ్లై యాష్ ఇటుకను స్టీలు అచ్చులో మెషీన్‌తో నొక్కి, నీళ్లతో క్యూరింగ్ చేస్తారు. కాల్చే పని లేదు కాబట్టి కొలత పెద్దగా మారదు.

యాంకర్: అంటే లెక్కలో తేడా ఈ కొలత నుంచే వస్తోందన్నమాట.

ఇంజినీర్: కొలత, దానితోపాటు మాల్ మందం. ఫ్లై యాష్ ఇటుక అంచులు తిన్నగా ఉంటాయి కాబట్టి 10 మిల్లీమీటర్ల సందు సరిపోతుంది. వంకర ఎర్ర ఇటుకలో హెచ్చుతగ్గులు సరిచేయాలంటే మేస్త్రికి 12 దాకా కావాలి. అమ్మా, మీ గోడ 9 ఇంచులదా?

శ్రోత: బయటి గోడలన్నీ 9 ఇంచులే సార్. తలుపులు, కిటికీలు తీసేస్తే 100 చదరపు మీటర్లు.

ఇంజినీర్: అయితే క్యూబిక్ మీటర్ కాసేపు పక్కన పెట్టి, ఒక చదరపు మీటర్ గోడ చూద్దాం. కాగితం తీసుకోండి. ముందు ఫ్లై యాష్. ఇటుక ఎత్తు 75, సందు 10, వరస 85. మీటర్ ఎత్తులో పదకొండు ముప్పావు వరసలు. 9 ఇంచుల గోడలో ఒక వరసలో ఇటుకలు అడ్డంగా, పై వరసలో పొడవుగా రెండు జతగా పడతాయి. అడ్డం వరసలో ఒక్కోటి సందుతో కలిపి 110 తీసుకుంటుంది, మీటర్‌కు 9.1. పొడవు వరసలో ఒక్కో జత 240, మీటర్‌కు 8.3. సగటు 8.7. దాన్ని వరసలతో గుణిస్తే చదరపు మీటర్‌కు సుమారు 102 నుంచి 103. మందం 0.23 మీటర్లతో భాగిస్తే క్యూబిక్ మీటర్‌కు 446 వస్తుంది. మీకు అమ్మే ఆయన 450 అన్నది ఇక్కడి నుంచే.

శ్రోత: ఎర్ర ఇటుకకు?

ఇంజినీర్: అదే దారి. 65 కి 12 కలిపితే వరస 77, మీటర్‌కు 13 వరసలు. అడ్డంగా 112 కి ఒకటి, పొడవుగా 227 కి రెండు, సగటు 8.87. చదరపు మీటర్‌కు 115. ఇప్పుడు దీన్ని 0.23 తో భాగిస్తే 500. అయితే మీ ఇటుక పొడవు 215 కాబట్టి గోడ అసలు మందం కూడా 215. దాంతో భాగిస్తే 536. చూడండి, ఒకే గోడకు మందం ఏది రాస్తే అంకె అలా మారిపోయింది. మేస్త్రి 500 అబద్ధం కాదు, చిన్న ఎర్ర ఇటుకను 9 ఇంచుల మందం లెక్కలో చూస్తే వచ్చే అంకె. ఫ్లై యాష్‌కు కూడా అదే వాడితేనే తప్పు.

యాంకర్: మరి ఆర్డర్ ఎంత ఇవ్వాలి?

ఇంజినీర్: 100 చదరపు మీటర్లకు ఫ్లై యాష్ 10,250. నేనైతే విరిగేవాటికి 3 శాతం కలుపుతాను, సుమారు 10,560. ఎర్ర ఇటుక 11,520. అందులో దించేటప్పుడే పగిలేవి, పక్కన పడేసేవి ఎక్కువ కాబట్టి 8 శాతం వేసుకుంటాను, సుమారు 12,440. తేడా దాదాపు 1,900 ఇటుకలు. మేస్త్రి లెక్కన 23 క్యూబిక్ మీటర్లకు 500 చొప్పున 11,500 ఫ్లై యాష్ ఇటుకలు తెప్పిస్తే 900 పైచిలుకు మీ వాకిట్లో మిగిలిపోతాయి. ధర పోల్చేటప్పుడు ఒక్కో ఇటుక రేటు కాదు, చదరపు మీటర్ గోడకు ఎంతైంది అన్నది చూడండి. ఫ్లై యాష్ ఒక్కో ఇటుకకు రెండు రూపాయలు ఎక్కువైనా, సంఖ్య తగ్గడం వల్ల ఆ తేడా చాలావరకు సర్దుకోవచ్చు.

శ్రోత: మేస్త్రి మాల్ ఎక్కువ పెడుతున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంజినీర్: పది వరసలు కట్టాక టేపు పెట్టండి. మీ ఫ్లై యాష్ ఇటుకకు 850 మిల్లీమీటర్లు రావాలి. 900 వస్తే సందు 15 కి చేరినట్టే. ఇటుకలు కాస్త మిగులుతాయి, సిమెంట్ మాత్రం పోతుంది. ఆ రోజే చెప్పండి, గోడ పూర్తయ్యాక చెప్పి లాభం లేదు.

యాంకర్: థ్యాంక్యూ అమ్మా. మరో కాల్, ఉప్పల్ నుంచి. చెప్పండి.

శ్రోత: అన్నా, నేను చిన్న చిన్న పనులు ఒప్పుకుంటాను. మొన్న లోపలి 4 ఇంచుల గోడలు, 60 చదరపు మీటర్లు. ఇదే ఫ్లై యాష్ ఇటుక. క్యూబిక్ మీటర్‌కు 446 అని ఇంటర్నెట్‌లో చూసి 2,700 తెప్పించాను. పై రెండు మూడు వరసలకు ఇటుకలు లేవు. ఎక్కడ పోయాయో అర్థం కాలేదు. వాచ్‌మన్‌ని కూడా అడిగాను.

ఇంజినీర్: (నవ్వు) పాపం, వాచ్‌మన్‌కేం సంబంధం లేదు తమ్ముడూ. ఆ 446 లెక్కలో ఇటుకకు మూడు వైపులా సందు కలుపుతారు, పొడవు 240, వెడల్పు 110, ఎత్తు 85. ఇంటర్నెట్‌లో కనిపించే లెక్కలన్నీ దాదాపు ఇలాంటివే. 4 ఇంచుల గోడ మందంలో ఒక్క ఇటుకే ఉంటుంది. ఆ దిక్కున సందు ఎక్కడిది? పక్కన ప్లాస్టరింగే. కాబట్టి గోడ ముఖం మీద ఒక్కో ఇటుక పట్టే జాగా 240 ఇంటూ 85. చదరపు మీటర్‌కు 49. అరవైకి 2,941. మీరు 2,700 తెచ్చారు, 240 తక్కువ. క్యూబిక్ మీటర్‌లో చెప్పాలంటే ఆ గోడకు 490, 446 కాదు.

శ్రోత: అంటే ఒకే ఇటుకకు రెండు అంకెలా అన్నా?

ఇంజినీర్: అవును, గోడను బట్టి. 9 ఇంచుల గోడలో రెండు ఇటుకల మధ్య లోపల సందు ఉంటుంది, 4 ఇంచుల గోడలో ఉండదు. ఇందుకే నేను సైట్‌లో చదరపు మీటర్ లెక్కే వాడతాను. బిల్లు రాసేటప్పుడు క్యూబిక్ మీటర్‌లోకి మార్చుకుంటాను.

యాంకర్: టైమ్ అయిపోతోంది, చివరి కాల్ మియాపూర్ నుంచి.

శ్రోత: సార్, మాకు 190, 90, 90 సైజు మాడ్యులర్ ఫ్లై యాష్ ఇటుక రేటు తక్కువలో దొరుకుతోంది. కానీ అది క్యూబిక్ మీటర్‌కు 500 పడుతుందట. 230 సైజుకు 446 అన్నారు కదా, అయితే మాకు ఇది దండగేనా?

ఇంజినీర్: ఇక్కడ అంకె మోసం చేస్తుంది సార్. 190, 90, 90 కి 10 సందు కలిపితే 200, 100, 100. క్యూబిక్ మీటర్‌కు 500, అది కరెక్టే. కానీ ఆ గోడ మందం 200 గానే లెక్కిస్తారు. కాబట్టి చదరపు మీటర్‌కు 100 ఇటుకలు. పైన 446 వచ్చిన ఇటుకకు చదరపు మీటర్‌కు 102 పైన పడుతున్నాయి. క్యూబిక్ మీటర్ లెక్కలో ఎక్కువ కనిపించిన ఇటుక గోడ మీద రెండు తక్కువే పడింది, ఎందుకంటే ఆ గోడే సన్నం.

శ్రోత: అయితే మాడ్యులర్ తీసుకోవచ్చా?

ఇంజినీర్: మీ పిల్లర్ వెడల్పు ఎంత?

శ్రోత: 230 సార్.

ఇంజినీర్: అదొక్కటి చూసుకోండి. 190 గోడ కడితే పిల్లర్ దగ్గర 40 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. బయటి వైపు సమం చేస్తే ఆ మెట్టంతా లోపలికి వస్తుంది. అక్కడ ప్లాస్టరింగ్ మందం పెంచితే ఇటుకల్లో మిగిలినది సిమెంట్‌లో పోతుంది. పిల్లర్ లోపలికి కనబడినా ఫర్వాలేదు, అక్కడ వార్డ్‌రోబ్ వస్తుంది అనుకుంటే తీసుకోండి. లేదంటే 230 సైజే అడగండి. ఆర్డర్ ఇచ్చే ముందు మాత్రం లారీలోంచి 20 ఇటుకలు దింపించి కొలవండి, శాంపిల్‌గా ఇచ్చిన ఇటుకను చూసి నమ్మకండి.