ఫుకుఓకా ముందా, హోవార్డ్ ముందా? రసాయనాలు మానేసే రైతుకు రెండు పుస్తకాలు

నమస్కారమండీ. ఈ వీడియోలో రెండు పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. ఒకటి జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా రాసిన ‘గడ్డిపరకతో విప్లవం’. రెండోది ఇంగ్లండ్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1940లో రాసిన ‘యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’. ఎకరా, రెండెకరాల రైతు ఏది ముందు చదవాలంటే, నా ఓటు హోవార్డ్‌కే.

ఫుకుఓకా పుస్తకం చదవడానికి హాయిగా ఉంటుంది. చిక్కల్లా, దున్నొద్దు, ఎరువొద్దు, మందొద్దు అన్న మాటలే మనసులో ఉండిపోతాయి. తండ్రి నారింజ తోటను ఒక్కసారిగా కత్తిరింపులు మాని వదిలేస్తే చెట్లు చచ్చిపోయాయని ఆయనే రాసుకున్నాడు. ఆ పేజీలు దాటేయకండి. ఇంకొకటి, ఆయన గడ్డిని నేల మీద పరిచాడు, మట్టిలో కలిపి దున్నలేదు. మనం ఎండు వరిగడ్డిని కలియదున్ని వెంటనే నాట్లు వేస్తే, గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే లాక్కుంటాయి. పైరు పసుపుబారుతుంది. అప్పుడు రైతు భయపడి మళ్లీ యూరియా బస్తా తెస్తాడు. నేలను కప్పి ఉంచడానికి ఫుకుఓకా చల్లిన తెల్ల క్లోవర్ కూడా చల్లటి వాతావరణపు మొక్క, మన ఎండలకు ఆగదు. వరి కోతకు ముందు తేమ మీద చల్లే పిల్లిపెసరే మనకు నయం.

ఇక హోవార్డ్. ఇండోర్‌లో పనిచేస్తూ తీర్చిదిద్దిన కంపోస్టు పద్ధతి ఇందులో ఉంది. గుంట పొడవు 30 అడుగులు, వెడల్పు 14, లోతు రెండు మూడడుగులే. మీకు చెత్త తక్కువైతే పొడవు తగ్గించుకోండి, లోతు మాత్రం పెంచకండి. కింద గాలి ఆడదు. రకరకాల చెత్త కలిపి ఒక వరస, దానిమీద పలచగా పేడ, ఆపైన పశువుల మూత్రం ఇంకిన కొట్టం మట్టి, కాస్త బూడిద. తడిపి మళ్లీ వరస మొదలు. గుంటలో ఒక చివర ఖాళీగా వదలాలి, లేకపోతే తిరగేయడానికి చోటుండదు. నిండాక గడ్డపారతో అక్కడక్కడా నిలువుగా కన్నాలు పొడవాలి. రెండు మూడు వారాలకు ఒకసారి, తర్వాత ఇంకోసారి తిరగేస్తే మూడు నెలలకు ఎరువు తయారు.

తేడా వస్తే ముక్కే చెబుతుంది. కంపు కొట్టి ఈగలు ముసిరితే గాలి చాలలేదు, వెంటనే తిరగేయండి. వేడెక్కకుండా పొడిగా ఉండిపోతే తడి చాలలేదు. పిడికిట్లో పిండితే నీళ్లు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి.

ఈ పుస్తకంలో లోపమూ ఉంది. ఆయన లెక్క ఎడ్లు, కూలీలు దండిగా ఉన్న పొలానికి వేసింది. ఒకే ఆవున్న ఇంట్లో ఎకరానికి చాలినంత ఎరువు మొదటి ఏడాదే రాదు. అందుకే ముందు ఒక మడి ఎంచుకుని, ఎరువంతా దానికే వేసి, ఆ మడి వరకే యూరియా తగ్గించుకుంటూ రండి. ఫుకుఓకాను ఆ పంట కోతల వేళకు చదవండి, గడ్డి చేతిలో ఉంటుంది.