విదేశీ అతిథికి మన భోజనం వరుస చెప్పడం

శ్రోతలకు నమస్కారం. పెళ్లికనో, ఆఫీసు పని మీదనో, పిల్లల స్నేహితులుగానో విదేశీయులు మన ఇళ్లకు భోజనానికి వస్తున్నారు. కంచం ముందు కూర్చోబెట్టగానే మనం ఒక్కో గిన్నె చూపించి ఇది పప్పు, ఇది పులుసు అని పేర్లు చెప్పేస్తాం. ఆ పేర్లు వాళ్లకు రెండు నిమిషాలైనా గుర్తుండవు. వాళ్లకు కావలసింది దేని తర్వాత ఏది తినాలి, ఎంత తినాలి అన్నది.

పాశ్చాత్య విందుల్లో ఒక వంటకం తిన్నాక ఆ ప్లేటు తీసేసి ఇంకొకటి తెస్తారు. మన దగ్గర అన్నీ ఒకేసారి కంచంలోకి వచ్చేస్తాయి, వరుస మాత్రం తినేవాడి బుర్రలో ఉంటుంది. అది చెప్పకపోతే చారును సూప్ అనుకుని మొదటే తాగేస్తారు. బ్రిటన్‌లోని ఇండియన్ రెస్టారెంట్లలో అప్పడాలు భోజనానికి ముందే వస్తాయి కాబట్టి అక్కడివాళ్లు ముందు అప్పడం పని పడతారు. దానివల్ల నష్టమేమీ లేదు. ఆవకాయ ముక్కను కూర ముక్క అనుకుని నోట్లో వేసుకుంటేనే ఇబ్బంది.

అందుకని ముందుగా చెప్పాల్సిన మాట ఒకటే: అన్నం విడతలుగా తింటాం, ఒక్కో విడతలో ఒక్కోదానితో కలుపుకుంటాం. ఒక మామూలు కంచమే తీసుకుందాం. కందిపొడి, మామిడికాయ పప్పు, వంకాయ కూర, దొండకాయ వేపుడు, దోసకాయ పచ్చడి, ముక్కల పులుసు, చారు, పెరుగు, అప్పడం, ఒక బూరె ఉన్నాయనుకోండి. కాస్త అన్నంలో పొడి, నెయ్యి వేసుకుని రెండు మూడు ముద్దలు తినమనండి. ఆ తర్వాత పప్పన్నం, పక్కన వేపుడు నంజుకుంటూ. కూర, పచ్చడి కూడా ఈ దశలోనే కొంచెం కొంచెం. ఆపైన పులుసు, చారు. చివర పెరుగన్నం. అప్పడం ఎప్పుడైనా సరే. బూరె మాత్రం మొదట తినాలా చివర తినాలా అన్నది మన ఇళ్లలోనే తేలని విషయం, వాళ్ల ఇష్టానికి వదిలేయండి.

ఇక ఎంత పెట్టాలి? కొత్తవాళ్లు దాదాపు అందరూ పప్పు దగ్గరే కడుపు నింపేసుకుంటారు. అన్నం కుప్పగా పోస్తే అది పూర్తి చేయాలేమో అనుకుంటారు కూడా. అందుకే మొదట ఒక చిన్న గరిటెడు అన్నమే పెట్టి, ఇంకా మూడుసార్లు వస్తుందని నోటితో చెప్పండి. పొడికి కొంచెం, పప్పుకు కాస్త ఎక్కువ, పులుసు చారులకు కలిపి ఒక గరిటె, పెరుగుకు ఇంకో అర గరిటె. ఇలా పంచితే అన్నీ రుచి చూడగలుగుతారు.

అసలు చిక్కు మారు వడ్డించడంలో ఉంది. వాళ్లలో చాలామందికి ప్లేటు ఖాళీ చేయడం మర్యాద. మనకేమో ఖాళీ కంచం కనబడితే వడ్డించడం మర్యాద. ఇద్దరి మర్యాదా కలిసి అతిథి ప్రాణం మీదికి వస్తుంది! మీ ఎదుటి మనిషి నీళ్లు ఎక్కువగా తాగుతూ, ముద్దలు చిన్నవి చేస్తూ, నవ్వుతూ తల ఊపుతుంటే కడుపు నిండిందని అర్థం. చాలనుకుంటే కంచం మీద అడ్డంగా చెయ్యి పెట్టి "చాలు" అనమని ముందే నేర్పండి. ఆ మాట విన్నాక మనమూ ఆగాలి. "ఒక్క ముద్ద" అని బతిమాలే అలవాటు ఆ ఒక్క పూటకైనా పక్కన పెట్టండి. హోటల్‌కు తీసుకెళ్తే ప్లేట్ మీల్స్‌కు, ఫుల్ మీల్స్‌కు తేడా చెప్పండి. రెండోదాంట్లో అడిగినంత పెడతారు, అలాగని ఎంతో కొంత అడిగి తీరాలని లేదు.

కారం తగిలితే నీళ్లు పనిచేయవు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, పెరుగులోని ప్రోటీన్ మాత్రం దాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి పెరుగు చివరిదే అని పట్టుబట్టకుండా, ఒక చిన్న గిన్నె మొదటినుంచీ దగ్గర పెట్టండి.

వండేముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పచ్చళ్లలో, పొడుల్లో వేరుశనగ, నువ్వులు ఉంటాయి, అవి కొందరికి ప్రాణాంతకం. గోధుమ పడనివాళ్లకు అన్నం భోజనమే కదా అనుకుంటాం, కానీ బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. డబ్బా మీద చదవండి, లేదా ఆ పూట ఇంగువ మానేయండి. పాల పదార్థాలు అసలు తినని అతిథి అయితే పొడిలోకి నెయ్యి బదులు నువ్వుల నూనె వేయండి. పెరుగన్నం ఎలాగూ ఉండదు కాబట్టి, అలాంటివాళ్లకు చారన్నమే ఆఖరిదని చెప్పి అక్కడ ఒక గరిటె ఎక్కువ పెట్టండి.