ఏ చెంబులో కలుపుతావమ్మా?

(దేవరకొండలో ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత ఏఎన్‌ఎం చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న మా చెల్లెళ్లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పవచ్చు. జూన్‌లో ఈ ఉక్కలో అది నాకు శిక్ష.

నిన్న మీకందరికీ ఫోను చేయించి, ఇంట్లో నీళ్లు తాగే చెంబో, గ్లాసో, సర్వో ఒకటి పట్టుకురమ్మన్నాను. ఎందుకో చెప్పాలంటే నా తప్పు నుంచే మొదలుపెట్టాలి.

ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం. కృష్ణ దగ్గర ఒక తండాలో ఏడాది నిండని పిల్లవాడికి నీళ్ల విరేచనాలు. తల్లి చేతికి ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చి, లీటరు నీళ్లలో కలిపి తాగించమని చెప్పి, నోటుబుక్కులో రాసుకుని బస్సెక్కాను. ఆ ఇంట్లో లీటరు అనే మాటే లేదు. పొట్లం చిన్నది కదా, గ్లాసెడు నీళ్లు చాలనుకుంది ఆ తల్లి. రెండు చెంచాలకే పిల్లవాడు మొహం తిప్పేశాడు. అయినా మందు కదా అని ముక్కు మూసి పోసింది. మర్నాటికి వాడికి ఆగని దాహం, విపరీతమైన చిరాకు, ఆ తర్వాత ఫిట్స్. నల్లగొండ ఆసుపత్రికి తీసుకెళితే రక్తంలో ఉప్పు పెరిగిందన్నారు. బతికాడు. నేను చేసిన మంచి వల్ల మాత్రం కాదు.

ఆ రోజు నుంచి పొట్లం ఇచ్చేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘ఏ చెంబులో కలుపుతావమ్మా?’

అసలు నీళ్ల కొలత మీద ఇంత పట్టు ఎందుకు? పేగు గోడలో ఒక చిన్న తలుపు ఉందనుకోండి. ఉప్పు ఒక్కటే వస్తే అది తెరుచుకోదు, చక్కెర ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. రెండూ కలిసి వస్తే తెరుచుకుంటుంది, వాటి వెనకే నీళ్లు లోపలికి వెళతాయి. కలరా వచ్చినా ఆ తలుపు చెడదు. అందుకే పొట్లంలో రెండూ జోడుగా ఉంటాయి. కానీ నీళ్లు తక్కువ పోసి చిక్కగా కలిపితే వ్యవహారం తలకిందులవుతుంది. ఒంట్లోని నీళ్లే పేగులోకి దిగుతాయి, విరేచనం పెరుగుతుంది. మరీ పలచన చేస్తే నీళ్లు ఎక్కువై, పోయిన ఉప్పు తిరిగి రాదు.

సీసాలో, డబ్బాలో వచ్చే తియ్యటి పానీయాలదీ ఇదే సంగతి. వాటి మీద ఓఆర్ఎస్ అని పేరు రాసి మందుల దుకాణాల్లో అమ్మేవారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడవద్దని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టాను. మా ఇంట్లోవాళ్లు ఏమైందోనని చూశారు.

దీనికన్నా పెద్ద కోపం నాకు ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులు రాగానే ‘సెలైన్ పెట్టరా, నీళ్లు తాగిస్తే సరిపోతుందా?’ అంటారు. అలా అడిగేవారు ఒక డాక్టరు పేరు గుర్తుంచుకోవాలి, దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనంతో పశ్చిమ బెంగాల్‌లోని బోన్‌గావ్ శిబిరాలు నిండిపోయాయి, కలరా వచ్చింది, సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. వందకు ముప్పై మంది చనిపోతున్న చోట నలుగురికన్నా తక్కువకు దిగింది. సెలైన్ దండగ అనడం లేదు నేను. ఎవరికి కావాలో చెబుతాను.

ఒక కేసు చెబుతాను, వినండి. పది నెలల బాబు, ఎనిమిది కిలోలు. తెల్లవారి నుంచి ఏడుసార్లు నీళ్లలా పోయింది. సబ్‌సెంటర్‌కు తెచ్చారు. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు, కన్నీళ్లు లేవు. చెంచా చూపిస్తే లాక్కుంటున్నాడు, అంటే దాహం. బొడ్డుకూ పక్కకూ మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టి వదిలాను. మంచి పిల్లవాడిలో వెంటనే సర్దుకుంటుంది. వీడిలో కాస్త నెమ్మదిగా వెళ్లింది. ఇది మధ్యరకం నీరు తగ్గుదల.

కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన ఎనిమిది కిలోలకు 600 మిల్లీలీటర్లు. నాలుగు గంటల్లో పూర్తి కావాలి, అంటే గంటకు 150. ఈ లెక్క నాకు ఎందుకు ఇష్టమంటే, చెంచాకు ఐదు మిల్లీలీటర్లయితే గంటకు ముప్పై చెంచాలు. రెండు నిమిషాలకు ఒక చెంచా! తల్లికి గడియారం చూపించి కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలకు వాంతి చేసుకున్నాడు. ఆమె ‘పడటం లేదమ్మా’ అంటూ చెంచా కింద పెట్టింది. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టించాను, ఈసారి ఇంకా నెమ్మదిగా. మధ్యలో తల్లిపాలు ఆపలేదు. మధ్యాహ్నానికి మూత్రం పోశాడు, తల్లి పైటంతా తడిపేశాడు, నేను పండగ చేసుకున్నాను. చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంది. ఇంటికి పంపేటప్పుడు తల్లికి నేను చెప్పింది ఇదీ: ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పాలు, జావ, మెత్తటి అన్నం ఏదీ ఆపవద్దు. కలిపిన నీళ్లు ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

ఇక సెలైన్ ఎవరికి? పిల్ల మగతగా పడి ఉంటే, చెంచా పెట్టినా తాగలేకపోతే, పట్టి వదిలిన చర్మం రెండు సెకన్లు దాటినా అలాగే నిలబడితే. అక్కడ మన చెంచా పని అయిపోయింది, వెంటనే ఆసుపత్రికి పంపాలి. దారిలో తాగగలిగితే చెంచాతో పోస్తూ వెళ్లండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. విరేచనంలో రక్తం కనిపించినా డాక్టరు చూడాల్సిందే.

జింక్ సంగతి చివర్లో చెబితే ఎవరూ వినరని నాకు తెలుసు, అయినా చివరికే వచ్చింది. విరేచనాల్లో జింక్ కూడా పోతుంది, పేగు పైపొర మళ్లీ కట్టుకోవడానికి అది కావాలి. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. రెండు నుంచి ఆరు నెలల వారికి సగం. చెంచాలో వేసి పాలు గానీ నీళ్లు గానీ పోస్తే కరిగిపోతుంది. పద్నాలుగు రోజులు. మూడో రోజుకు విరేచనం ఆగుతుంది, తల్లి మాత్రలను చూరులో పెడుతుంది. ఆగిన తర్వాత వేసే మాత్రలు రాబోయే రెండు మూడు నెలల కోసం, మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశాన్ని తగ్గిస్తాయి. నేను మాత్రల పట్టీ మీద తేదీలు పెన్నుతో రాసి ఇచ్చేదాన్ని. ఐదో రోజు వెళ్లి పట్టీ చూపించమనేదాన్ని. కొందరు వాకిట్లో నన్ను చూడగానే అప్పటికప్పుడు ఒక మాత్ర తీసి దాచేవారు. దొరికిపోయేవారు, చెంచా పొడిగా ఉండేది!

సరే, వెనక వరుసలో ఎవరో గడియారం చూస్తున్నారు. బల్ల మీద లీటరు గుర్తున్న జాడీ పెట్టాను. వంతులవారీగా వచ్చి మీ చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇందులో పోయండి. ఎన్ని చెంబులకు లీటరు అవుతుందో మీ డైరీలో రాసుకోండి. పక్కన పెట్టిన పొట్లాలు రెండు రకాలు, లీటరుకు ఒకటి, గ్లాసుకు ఒకటి. ముందుగా పొట్లం వెనక వైపు చదివి ఏది ఏదో నాకు చెప్పండి. ఆ స్టీలు చెంబు ఎవరిది తల్లీ? నువ్వే మొదట రా.