కళ్ళు మూసుకున్న నౌక కథ | పిల్లల కథ రివ్యూ

అందరికీ నమస్తే. ఈరోజు ఒక చిన్న పిల్లల కథ గురించి మాట్లాడదాం. కథ చెప్పేది గ్రహాలన్నీ దాటి వెళ్ళిపోయిన ఒక ముసలి అంతరిక్ష నౌక. వదిలి వచ్చిన నీలి గ్రహాన్ని తలుచుకుంటూ ఉంటుంది. పేరు చెప్పలేదు గానీ, 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అని రెండు పేజీల్లోనే తెలిసిపోతుంది.

నాకు బాగా నచ్చింది మొదటి వాక్యం. "నాకిప్పుడు ఏమీ కనిపించదు" అంటుంది నౌక. ఇది నిజం. 1990 ఫిబ్రవరి 14న, దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి భూమిని ఫొటో తీసింది. ఆ తర్వాత కరెంటు, మెమరీ మిగల్చడానికి కెమెరాలు ఆపేశారు. అంటే ఇల్లు చూసుకోవడం అదే ఆఖరు. అందుకే ఈ కథలో "గుర్తుంది" అనే మాట అంత బరువుగా తగులుతుంది.

కానీ ఆ పేజీలో బొమ్మ తప్పు. భూమిని గోళీ అంత, మేఘాలతో సహా వేశారు. అసలు ఫొటోలో భూమి ఒక్క పిక్సెల్ అంత కూడా లేదు. కెమెరాలో పడ్డ ఎండ చార మధ్యలో చిన్న నలుసు, అంతే. ఆ నలుసునే వేసి, వెతుక్కోమని పిల్లలకు వదిలేస్తే ఎంత బాగుండేది!

తర్వాత ఒక పాప "బాగున్నావా?" అని అడుగుతుంది. పడుకుంటుంది, బడికెళ్తుంది, మళ్ళీ పడుకుంటుంది. అప్పుడొస్తుంది జవాబు. రేడియో సంకేతం ఒకవైపు వెళ్ళడానికే ఇప్పుడు 23 గంటలు దాటుతోంది కదా. ఆ ఎదురుచూపుకి నాలుగు పేజీలు ఇచ్చారు, మాటలు దాదాపు లేకుండా. చదివేటప్పుడు తొందరపడకండి.

అన్నిటికన్నా మంచి ఘట్టం, నౌక మాటలు తడబడేది. 2023 నవంబరులో నిజంగానే అర్థంకాని సంకేతాలు పంపింది. మెమరీలో ఒక చిప్ పాడైంది. దాన్ని మార్చలేరు కాబట్టి, అందులోని ప్రోగ్రాం కోడ్‌ని ముక్కలు చేసి మిగతా మెమరీలో ఖాళీ ఉన్నచోట సర్దారు. 2024 ఏప్రిల్‌లో ఆ ఆదేశం పంపి, ఫలించిందో లేదో తెలియడానికి రెండు రోజులు ఆగారు. కథలో నౌక "సముద్రం" అనే మాట మర్చిపోతుంది. కింద ఉన్నవాళ్ళు ఓపిగ్గా దాన్ని ఇంకోచోట రాసిపెడతారు. ఇక్కడ నాకు గొంతు పట్టేసింది.

ఒక్క వెలితి మాత్రం బాధపెట్టింది. ఆ నౌక మోసుకెళ్తున్న బంగారు గ్రామఫోన్ రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, వాటిలో తెలుగూ ఉంది. తెలుగులో రాసిన కథ ఆ సంగతే ఎత్తలేదు. పుస్తకం మూశాక మా అబ్బాయికి నేనే చెప్పాను. "అయితే దానికి తెలుగు వచ్చా?" అన్నాడు. రాదురా, రికార్డుని పైన తగిలించుకుని వెళ్తోంది అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, తడబడే పేజీ మళ్ళీ చదవమన్నాడు.