ఫలితం బాగుంది, ప్రీమియం ఎందుకు పడింది?

అధ్యక్షులకు, ఈ మదుపరుల సదస్సును ఏర్పాటు చేసిన మిత్రులకు, సెలవు రోజున నిద్ర మానుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఆప్షన్ల ప్రాథమిక పరిచయం అని నా ప్రసంగానికి పేరు పెట్టారు గానీ, ఎన్నో ఏళ్లుగా మనసులో ఉన్న ఒక్క సంగతి చెప్పుకోవడానికే నేను ఈ అవకాశాన్ని వాడుకుంటున్నాను. నిర్వాహకులు మన్నించాలి.

ఒక ఐటీ కంపెనీ త్రైమాసిక ఫలితాలు మార్కెట్ ముగిశాక వస్తాయని తెలిసి, ఆ మధ్యాహ్నమే నేను దాని కాల్ ఆప్షన్, అంటే ముందే అనుకున్న ధరకు షేరు కొనే హక్కు, కొన్నాను. షేరు ధర 1,500, స్ట్రైక్ అనే ఆ ముందే అనుకున్న ధర కూడా 1,500, హక్కు గడువు తీరే ఎక్స్‌పైరీకి 15 రోజులు, ఆ హక్కుకు కట్టే ప్రీమియం షేరుకు 55 రూపాయలు. లాటుకు 400 షేర్లు కనుక 22,000 కట్టాను. లెక్క తేలికగా ఉండేందుకు అంకెలను కొంచెం గుండ్రం చేసి, వడ్డీని వదిలేసి చెబుతున్నాను. ఫలితాలు నేను అనుకున్నట్టే బాగున్నాయి, మర్నాడు ఉదయం షేరు 2 శాతం పెరిగి 1,530 అయింది. తెర మీద నా ఆప్షన్ ధర మాత్రం 46 చూపిస్తోంది. తెర చెడిపోయిందనుకొని బ్రోకరుకు ఫోన్ చేసి అరిచాను. అవతలి కుర్రవాడు ఓపికగా విని, "సార్, ఐవీ పడిపోయింది" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియదు. 3,600 రూపాయలు పోయాక తెలుసుకున్నాను.

ఐవీ అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ. షేరు ఇకముందు ఏడాది లెక్కన ఎంత శాతం ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో, ఆప్షన్ ప్రీమియం నుంచి వెనక్కి లెక్క కట్టి తీసే అంకె అది. నేను కొన్ననాడు ఆ ఆప్షన్ ఐవీ 45 శాతం, మర్నాడు 24 శాతం. ఐవీ 45 దగ్గరే నిలిచి ఉంటే, షేరు 1,530 ఉన్నప్పుడు నా కాల్ సుమారు 70 రూపాయలు పలికేది. నేను మనసులో వేసుకున్న లెక్క అదే. 70కీ 46కీ మధ్య ఉన్న 24 రూపాయలను ఐవీ పతనమే తీసుకుపోయింది. ఒక రోజు గడిచినందుకు తరిగేది మహా అయితే 2 రూపాయలు.

ఇంత పతనం ఎవరి కుట్రా కాదు. ఆ 15 రోజుల్లో 14 మామూలు రోజులు, ఒక్కటి మాత్రం ఫలితాల రోజు. మామూలు రోజులకు 24 శాతం చొప్పున లెక్కగట్టి పక్కన పెడితే, 45లో మిగిలిన భాగమంతా ఆ ఒక్క రోజుదే. అది పైకైనా కిందికైనా సగటున 6 శాతం పైచిలుకు కదలికకు సమానం. అంటే అమ్మినవాడు 6 శాతం కుదుపుకు సరిపడా ధర ముందే నా దగ్గర వసూలు చేశాడు, షేరు కదిలింది 2 శాతం. కుదుపు జరిగిపోయాక మిగిలినవి 14 మామూలు రోజులే కాబట్టి, ఐవీ మామూలు స్థాయికి దిగక తప్పదు. అయ్యా, మీలో ఎంతమంది దిశ సరిగ్గా ఊహించి కూడా ఇలా నష్టపోయారో ఒకసారి చేతులెత్తండి. చూశారా, నేను ఒంటరివాణ్ని కాను.

మళ్లీ చెబుతున్నాను, దిశ విషయంలో నేను పొరబడలేదు. ఆ 24 శాతం ఐవీతో నా 55 నాకు తిరిగి రావాలంటే షేరు దాదాపు 1,543కు చేరాలి, అంటే 3 శాతానికి కొంచెం తక్కువగా పెరగాలి. కొనే ముందు ఈ ఒక్క అంకె వేసుకొని ఉంటే ఆ మధ్యాహ్నం నేను ఆ ఆప్షన్ ముట్టుకునేవాణ్ని కాదు. కాల్‌తో పాటు, షేరు అమ్మే హక్కు అయిన పుట్ కూడా కొంటే ఎటు కదిలినా లాభమేనని చెప్పేవారికీ ఇదే జవాబు. ఆ రెండూ కలిపి 110 దాకా పెట్టిన చోట, 1,530 దగ్గర చేతికి వచ్చేది 62 మాత్రమే.

ముందే పసిగట్టడానికి ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లోని ఆప్షన్ చెయిన్‌లో ఐవీ అనే వరుస ఉంటుంది. అదే స్ట్రైక్‌కు ఈ నెల ఐవీనీ వచ్చే నెల ఐవీనీ పక్కపక్కన పెట్టి చూడండి. నా ఉదాహరణలో ఈ నెలది 45 అయితే వచ్చే నెలది సుమారు 33 ఉండాలి, ఎందుకంటే అదే ఒక్క కుదుపు అక్కడ 43 రోజుల మీద పరుచుకుంటుంది. దగ్గరి నెల అంత ఎత్తున నిలబడి ఉందంటే ఫలితాల ధర అందులో కలిసిపోయిందన్నమాట.

అయితే అమ్మేద్దామా అని ముందు వరుసలో ఒక పెద్దాయన అడుగుతున్నారు. అయ్యా, 6 శాతం అనేది సగటు మాత్రమే. ఏదో ఒక త్రైమాసికంలో షేరు రాత్రికి రాత్రి 12 శాతం ఎగిరి 1,680 దగ్గర తెరుచుకుంటే, 55కు అమ్మినవాడు కనీసం 180 పెట్టి తిరిగి కొనాలి. లాటుకు 50,000 పోతుంది, మార్కెట్ మూసి ఉన్న ఆ రాత్రి అతను చేయగలిగింది ఏమీ ఉండదు.