దోమల బ్యాట్ ఇన్వర్టర్ మీద ఎందుకు కాలింది?

అందరికీ నమస్కారం. హన్మకొండలో నా రిపేరు షాపుకు వానాకాలం వచ్చిందంటే దోమల బ్యాట్లు, చార్జింగ్ టార్చిలైట్లు వరసగా వస్తాయి. మొన్న ఒక అక్క బ్యాట్ తెచ్చి, "ఏడాది బాగనే పనిచేసింది తమ్మీ, చవక ఇన్వర్టర్ కొని దానికి చార్జింగ్ పెట్టినంక రెండు రోజులకే కాలిన వాసన" అన్నది. బ్యాట్ తప్పు కాదు, ఇన్వర్టర్ చెడిపోలేదు కూడా. ఆ రెండింటికీ పొసగలేదు, అంతే.

మన లైన్ కరెంటులో వోల్టేజీ సున్నా నుంచి 325 దాకా నున్నగా ఎక్కి దిగుతుంది, మళ్లీ అవతలి వైపు అట్లనే, సెకనుకు 50 సార్లు. మనం 230 అనేది ఈ ఎక్కి దిగేదాని సగటు లాంటి లెక్క. ప్యూర్ సైన్ ఇన్వర్టర్ ఇదే ఆకారం ఇస్తుంది. అక్క కొన్నది మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్. దానిలో వాలు ఉండదు, మెట్లు ఉంటాయి: సున్నా దగ్గర కాసేపు ఆగి, ఒక్కసారిగా 325 దగ్గరికి దూకుతుంది.

ఇక బ్యాట్ విప్పి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి వరసలో 47 ఓమ్‌ల చిన్న రెసిస్టర్, తర్వాత డయోడ్లు, బ్యాటరీ. కెపాసిటర్ గుణం ఏమిటంటే, వోల్టేజీ ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ కరెంటు వదులుతుంది. లైన్ మీద నున్నగా మారుతుంది కాబట్టి 72 మిల్లీ ఆంపులే పోతాయి, రెసిస్టర్‌లో వేడి పావు వాటు. అదే మెట్టు దూకినప్పుడు ఆపేది ఆ 47 ఓమ్‌లే, అందుకే క్షణంలో చిన్న వంతు సేపు దాదాపు 7 ఆంపులు తన్నుకొస్తాయి. సెకనుకు 200 దూకుళ్లు. లెక్క కడితే రెసిస్టర్ మీద పడే వేడి 10 వాట్ల దాకా పోతుంది, మెట్టు అంచు కాస్త వాలుగా ఉంటే కొంత తగ్గుతుంది. అర వాటు రెసిస్టర్ ఎట్ల తట్టుకుంటుంది? బ్యాటరీకి అందే చార్జింగ్ మాత్రం దాదాపు అంతే, అందుకే వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

మరి ఫోన్ చార్జర్ ఎందుకు బతుకుతుంది? అది వచ్చిన కరెంటును ముందే డీసీ చేసుకుంటుంది, ఆకారంతో దానికి పెద్దగా పని లేదు. కానీ ప్రతి దూకుడుకూ లోపలి కాయిల్, కెపాసిటర్ అదురుతాయి, మీకు వినిపించే గుయ్యిమనే చప్పుడు అదే. చప్పుడు ఒక్కటే అయితే భయం లేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే మాత్రం తీసెయ్యండి.

వెనక మడత పిన్నులు ఉండి నేరుగా ప్లగ్గులో గుచ్చే చవక వస్తువుల్లో చాలావరకు ఈ కెపాసిటర్ సర్క్యూటే ఉంటుంది. వాటిని లైన్ కరెంటు ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టండి. ప్లగ్గులో ఉండగా విప్పకండి, లోపల బ్యాటరీ తీగ ముట్టుకున్నా షాక్ కొడుతుంది.

అక్క బ్యాట్‌కు కొత్త రెసిస్టర్ వేసి లైన్ మీద అరగంట పెట్టాను, కాస్త వేడెక్కింది కానీ మాడలేదు. షాపులో ఉన్న మాడిఫైడ్ ఇన్వర్టర్‌కు పెట్టి చూస్తే కొద్దిసేపటికే ఆ రెసిస్టర్ రంగు చారలు గోధుమరంగుకు తిరిగాయి.